కుక్క తింటూనే ఉంది, చూసేవాళ్లే నమ్మట్లేదు: పెట్ ఫుడ్ యాడ్ స్క్రిప్ట్‌లో తేడా ఎక్కడొస్తోంది

సమస్య: నటన వద్దు, కుక్క నిజంగా తినేదే చూపిద్దామని స్క్రిప్ట్ రాశారు. కుక్క గిన్నె ఖాళీ చేసింది, క్లయింట్ కూడా మెచ్చుకున్నాడు. కానీ రఫ్ కట్‌ను కుక్కలు పెంచేవాళ్లకు చూపిస్తే "దీంట్లో ఏదో కలిపారు" అంటున్నారు. ఎడిటింగ్ మార్చినా, సంగీతం మార్చినా అదే మాట.

ముందు ఇది చూడండి. కుక్క చివరిసారి ఎప్పుడు తింది? పొద్దుట్నుంచి ఎవరెవరు ఏం పెట్టారు? ఈ రెండు ప్రశ్నలు అడగకుండానే అందరూ కెమెరా యాంగిల్ గురించి మాట్లాడతారు. యూనిట్‌లో ముగ్గురు ముద్దుచేసి తలా ఒక బిస్కెట్ పెడితే కుక్కకు ఆకలి ఎక్కడుంటుంది? దీనికి భయపడి రాత్రి నుంచి పస్తు పెట్టేవాళ్లూ ఉన్నారు. అది ఇంకా తప్పు. పస్తున్న కుక్క నమలకుండా మింగుతుంది, వెంటనే కక్కేయవచ్చు కూడా. పెద్ద జాతుల్లో అలా ఆత్రంగా తినడం కడుపు ఉబ్బరానికి కూడా దారితీయవచ్చు. పైగా తెరమీద కనిపించేది ఇష్టం కాదు, ఆకలి. రోజూ తినే వేళకు, రోజూ ఉండే ఆకలితో ఉంటే చాలు.

అసలు కారణం: చాలాసార్లు స్క్రిప్ట్ ఒక పూట తిండిని ఆరు గిన్నెలుగా రాసి ఉంటుంది.

కొండాపూర్ ఫ్లాట్‌లో 28 కిలోల లాబ్రడార్‌తో తీసే 30 సెకన్ల యాడ్ అనుకుందాం. స్క్రిప్ట్‌లో వరస ఇది: గిన్నె చూసి పరుగు, మొదటి ముద్ద, దగ్గరి నుంచి నోరు, కెమెరా వైపు చూస్తూ నమలడం, ఖాళీ గిన్నె, తోక ఊపడం. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆ బరువు కుక్కకు డ్రై ఫుడ్ రోజుకు సుమారు 350 నుంచి 380 గ్రాములు పడుతుంది. రెండు పూటలకు పంచితే పూటకు 180 గ్రాముల చుట్టూ. లాబ్రడార్ దాన్ని ఒకటి రెండు నిమిషాల్లో ముగించేస్తుంది. ఆరు షాట్లకు, ఒక్కోదానికి రెండు మూడు టేకులకు అంత తిండి దాని కడుపులో పట్టదు. మూడో గిన్నెకే వాసన చూసి పక్కకు తిరుగుతుంది.

అప్పుడు హ్యాండ్లరో, ఇంటావిడో మంచి ఉద్దేశంతోనే చికెన్ ఉడికించిన నీళ్లు ఒక గరిటె పోస్తారు. లేకపోతే నెయ్యి చుక్కలు. డైరెక్టర్‌కు చెప్పరు, ఎందుకంటే వాళ్ల లెక్కలో అది సాయం. కుక్క మళ్లీ తింటుంది, షాట్ ఓకే అవుతుంది. నేను చూసిన ఒక షూట్‌లో ఈ సంగతి ఎడిటింగ్ బల్ల దగ్గర బయటపడింది, మొత్తం మళ్లీ తీయాల్సి వచ్చింది.

ఫుటేజ్ చూసి దీన్ని పట్టుకోవచ్చు. పొడి గింజలు తినే కుక్క ముందు ఒక నోటి నిండా తీసుకుంటుంది, కరకరమని వినిపిస్తుంది, రెండు మూడు గింజలు టైల్స్ మీద దొర్లుతాయి. నీళ్లు పోసిన గిన్నెలో ముందు నాలుక దిగుతుంది. గింజలు మెరుస్తుంటాయి, గిన్నె అంచుకు అతుక్కుంటాయి, కరకర తగ్గిపోతుంది. కుక్క ముక్కుతో పైపొరను వెతికి, తడిసినవి తిని, అడుగున పొడిగా మిగిలినవి వదిలేస్తుంది. ఖాళీ గిన్నెను చాలాసేపు నాకుతుంది. మన ఊళ్లో పెరుగన్నంలో డ్రై ఫుడ్ కలిపి పెట్టే ఇళ్లు బోలెడు. ఏది నాకుడో, ఏది నమలడమో వాళ్లకు రోజూ కళ్లముందే. అందుకే ఒక్క చూపులో దొరికిపోతుంది.

నమ్మకం పోవడంతో ఆగదు. ప్యాకెట్‌లో లేని రుచిని చూపించి ప్యాకెట్ అమ్మితే అది తప్పుదోవ పట్టించే ప్రకటన. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

పరిష్కారం స్క్రిప్ట్‌లోనే ఉంది, సెట్‌లో కాదు. ఒకే పూట, ఒకే గిన్నె, ఒకే టేక్ అని రాయండి. పై స్క్రిప్ట్‌ను ఇలా మార్చవచ్చు:

0–4 సెకన్లు: సాయంత్రం వంటిల్లు. డబ్బా మూత చప్పుడు. బాల్కనీ నుంచి కుక్క లేచి వస్తుంది.
4–8: కప్పుతో కొలిచి గిన్నెలో పోయడం. పోసే చెయ్యి, గిన్నె ఒకే ఫ్రేమ్‌లో, కట్ లేకుండా.
8–22: కుక్క తింటుంది. మాట, సంగీతం లేవు. కరకర, స్టీలు గిన్నె జరిగే చప్పుడు మాత్రమే.
22–27: కుక్క ఏం చేస్తే అది. గింజలు మిగిల్చినా, నీళ్లు తాగి గడ్డం కార్చుకుంటూ వెళ్లినా సరే.
27–30: ప్యాకెట్, పేరు.

దీనికి రెండు కెమెరాలు కావాలి. ఒకటి నేలమీద, గిన్నెకు పక్కగా, లాక్ చేసి మనిషి పక్కకు వెళ్లిపోవాలి. రెండోది గుమ్మం అవతల నుంచి జూమ్‌తో. గిన్నె మీదకు మనుషులు వంగితే కుక్క బిగుసుకుపోతుంది, ఓరకంట చూస్తూ గబగబా మింగుతుంది. "కెమెరా వైపు చూస్తూ నమలడం" అన్న వాక్యం కొట్టేయండి. అది రావాలంటే ఎవరో పిలవాలి, పిలిస్తే కుక్క తినడం ఆపుతుంది. టేక్ పాడైతే ఆ రోజుకు అయిపోయినట్టే, మర్నాడు అదే వేళకు రండి. బడ్జెట్ అడిగేటప్పుడే రెండు సాయంత్రాలు అడగండి. స్క్రిప్ట్ మొదటి పేజీలోనే "గిన్నెలో ప్యాకెట్ తిండి తప్ప ఏమీ వేయరాదు" అని రాసి, కుక్క యజమానికి చదివి వినిపించండి.

ఇంకో సంగతి. కుక్కకు ఆ బ్రాండ్ అలవాటు చేశాకే తీయండి. పాత తిండిలో కొంచెం కొంచెం కలుపుతూ 7 నుంచి 10 రోజుల్లో పూర్తిగా మార్చాలి. చాలా కుక్కలు కొత్త తిండిని మొదటి రోజు ఆవురావురుమంటూ తిని, వారంలో మామూలైపోతాయి. మొదటి రోజు ఆత్రాన్ని రోజువారీ ఇష్టంగా చూపిస్తే, కొన్నవాళ్లే మీకు అబద్ధాలకోరని పేరు పెడతారు.

కుక్క నాలుక బయటపెట్టి ఉంది, తినట్లేదు: సౌండ్ కోసం ఏసీ, ఫ్యాన్ ఆపేసి లైట్లు వేసి ఉంటారు. మే నెలలో మూసిన ఫ్లాట్‌లో అది చాలు. ఆ నాలుకను నవ్వు అనుకుని కట్‌లో పెడతారు, పెంచేవాళ్లకు మాత్రం ఉక్కకు వగరుస్తోందని తెలుస్తుంది. గదిని ముందే చల్లబరిచి, టేక్ ఉన్న రెండు నిమిషాలే ఏసీ ఆపండి.

"అన్ని కుక్కలూ దీన్నే ఇష్టపడతాయి" అనే వాయిస్ ఓవర్: ఒక కుక్క తిన్నది చూపించి ఆ మాట అనకూడదు. అనాలంటే చాలా కుక్కల ముందు రెండు గిన్నెలు పెట్టి, మర్నాడు కుడి ఎడమలు మార్చి, తిన్నది తూచిన లెక్క కంపెనీ దగ్గర ఉండాలి. కొన్ని కుక్కలు ఎప్పుడూ ఒకే వైపు గిన్నెకు వెళ్తాయి కాబట్టి మార్చడం తప్పనిసరి. లెక్క లేకపోతే ఆ లైను తీసేయండి.

మిగతావి అరుదు. మెడ బిళ్ల స్టీలు గిన్నెకు తగిలి బెదురుతుంటే పట్టీ తీసేయండి. ప్యాకెట్ తెరిచి వారాలైతే కొత్తది తెప్పించండి, కొవ్వు మక్కిన వాసన మనకన్నా ముందు కుక్కకు తెలుస్తుంది. ఇంట్లో మామూలు తిండి కూడా మానేసిందంటే అది స్క్రిప్ట్ సమస్య కాదు, షూట్ రద్దు చేసి పశువైద్యుడికి చూపించండి.