ఆడిట్ సీజన్ ముందు జాగ్రత్తలు: ‘పది లక్షల లోపే కదా’ అని వదిలేసే తప్పులు

మార్చి 31తో ఏడాది ముగించే కంపెనీలు సెప్టెంబరు 30 లోపు వార్షిక సమావేశం జరుపుకోవాలి. అందుకే ఆగస్టు వచ్చిందంటే ఒంగోలు ఆడిట్ ఆఫీసుల్లో ఊపిరాడదు. ఆ తొందరలో సీఏ ఆర్టికల్స్ చేసే పిల్లలు మెటీరియాలిటీ దగ్గరే ఎక్కువగా జారిపోతుంటారు. లెక్కల్లో ఎంత తప్పుంటే వాటిని నమ్ముకున్న బ్యాంకు, వాటాదారులు వేరే నిర్ణయం తీసుకుంటారో, ఆ మొత్తమే మెటీరియాలిటీ. దాన్ని కట్టడం తేలికే. కట్టాక ఎలా వాడతామన్న దగ్గరే చిక్కంతా.

చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు ఎగుమతి చేసే ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ ఉందనుకోండి. పన్నుకు ముందు లాభం 2 కోట్లు. ఇలాంటి కంపెనీకి లాభంలో 5 శాతం తీసుకోవడం వాడుక. ఆడిటింగ్ ప్రమాణం ఎస్‌ఏ 320లో ఆ శాతం ఉదాహరణగా ఉందే తప్ప నియమంగా లేదు. లాభం ఏడాదికేడాది ఎగుడుదిగుడుగా ఉంటే అమ్మకాల మీద కట్టుకోవడం మేలు. ఇక్కడ 5 శాతం అంటే 10 లక్షలు. పరీక్షలకు మాత్రం ఆ పదినీ వాడకండి. మనకు దొరకని తప్పులూ ఉంటాయి కాబట్టి ఇంకా తక్కువ మొత్తం, ఇక్కడ 75 శాతం లెక్కన 7.5 లక్షలు, పెర్ఫార్మెన్స్ మెటీరియాలిటీగా పెట్టుకోవాలి. 50 వేల లోపువి చిల్లర తప్పులని పక్కన పెట్టొచ్చు. ఈ అంకెలేవీ క్లయింటు అకౌంటెంటు చెవిన వేయొద్దు. గీత ఎక్కడుందో తెలిస్తే దాని కింద సర్దడం ఎవరికైనా వస్తుంది.

ఇప్పుడు ఆడిట్‌లో నాలుగు తప్పులు దొరికాయనుకుందాం. మార్చి 31న 22 లక్షలకు బిల్లు వేసిన బ్లాకులు కృష్ణపట్నంలో ఓడకెక్కింది ఏప్రిల్ 4న. సరుకు ఓడకెక్కాకే కొన్నవాడిదయ్యే ఎఫ్‌ఓబీ ఒప్పందం కాబట్టి అది ఈ ఏడాది అమ్మకం కాదు. బ్లాకుల ఖరీదు 16 లక్షలు మళ్లీ స్టాకులోకి రావాలి, లాభం 6 లక్షలు తగ్గాలి. రెండోది మార్చి లారీ కిరాయిలు. చూసిన 20 లక్షల బిల్లుల్లో లక్ష నమోదు కాలేదు. చాలామంది ఆ లక్షే రాసి ఊరుకుంటారు. శాంపిల్‌లో 5 శాతం తప్పుంటే మొత్తం 50 లక్షల బిల్లుల మీద అంచనా 2.5 లక్షలవుతుంది, రాయాల్సింది అది. మూడోది, రాని బాకీలకు ప్రొవిజన్ 3 లక్షలు తక్కువ. నాలుగోది ఎదురు దిక్కు: రావాల్సిన డిపాజిట్ వడ్డీ 2 లక్షలు రాయలేదు.

అన్నీ కలిపి చూస్తే లాభం 9.5 లక్షలు ఎక్కువ చూపారు. పది దాటలేదు. ఇక్కడే చాలా ఫైళ్లు మూసేస్తారు.

మూసే ముందు బ్యాంకు శాంక్షన్ లెటర్ తీయండి. కరెంట్ రేషియో 1.33కి తగ్గకూడదని అందులో ఉందనుకోండి. కంపెనీ లెక్కల్లో చర ఆస్తులు 13.35 కోట్లు, చర అప్పులు 10 కోట్లు, రేషియో 1.335. నాలుగు తప్పులూ సరిదిద్దితే ఆస్తులు 13.28 కోట్లకు దిగుతాయి, అప్పులు 10.025 కోట్లవుతాయి. రేషియో 1.32. కంపెనీ షరతు తప్పింది. మొత్తం చిన్నదే అయినా బ్యాంకు చూసే గీతను దాటించింది కాబట్టి అది చిన్న తప్పు కాదు. ఎస్‌ఏ 450 తప్పు పరిమాణంతోపాటు స్వభావాన్నీ చూడమనేది ఇందుకే. రేషియో అంచున ఉన్న కంపెనీలో మార్చి చివరి రోజు బిల్లు కనిపిస్తే నేనైతే ముందు అనుమానిస్తాను, తర్వాతే లెక్క కడతాను. కావాలని వేసిన బిల్లని తేలితే మిగతా అమ్మకాల పరీక్ష కూడా పెంచాల్సిందే.

ఇంకో మెలిక. ఈ సవరణలన్నీ చేస్తే లాభం 1.905 కోట్లకు దిగుతుంది, దాని మీద 5 శాతం 9.52 లక్షలు. అంటే 9.5 లక్షల తప్పు దాదాపు గీత మీదే కూర్చుంది. ఏప్రిల్‌లో ప్రొవిజనల్ లాభం మీద కట్టిన మెటీరియాలిటీని చివర్లో మళ్లీ కట్టకపోతే ఇది కనిపించదు.

వడ్డీ రెండు లక్షలు మిగతావాటిని తగ్గించాయి కదా అని తృప్తిపడొద్దు. ఒక్కో తప్పునూ దాని ఖాతా దగ్గర విడిగా చూడాలి: అమ్మకాల్లో, బాకీల్లో తప్పు 22 లక్షలు, 6 కాదు. పోయినేడు సరిదిద్దకుండా వదిలేసినవి ఈ ఏటి లాభం మీద ఏ మేరకు పడ్డాయో కూడా దొరికిన తప్పుల పట్టికలోనే రాయండి.

పట్టిక తయారయ్యాక సరిదిద్దమని యాజమాన్యాన్ని అడగాలి. ‘ఇంత చిన్నదానికి ఎంట్రీ ఎందుకు సార్’ అంటే కారణమేమిటో తెలుసుకుని వర్కింగ్ పేపర్లో పెట్టండి. వదిలేసినవి విడిగానూ కలిపీ లెక్కలను మార్చేంతవి కావని వాళ్లు నమ్ముతున్నట్టు, ఆ పట్టిక జతచేసిన రాతపూర్వక ధ్రువీకరణ రిపోర్టు మీద సంతకం పెట్టే ముందే చేతికి రావాలి.