ఛానల్ కింది గీత దగ్గర కొన్నా స్టాప్‌లాస్ తగులుతోందా? ముందు స్కేల్ చూడండి

ఛానల్ గీయడం, మిడ్‌లైన్ పెట్టడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. నేరుగా సమస్యల్లోకి వెళ్దాం.

సమస్య: కింది గీతను తాకగానే కొన్నాను, మర్నాడే స్టాప్‌లాస్ తగిలింది.

ఎక్కువసార్లు కారణం ఒక్కటే, రెండు టచ్‌లతోనే ఛానల్ అనుకోవడం. ఏ రెండు అడుగుల మీదైనా గీత గీయవచ్చు. అది నిజమైన గీతో కాదో చెప్పేది మూడో టచ్. అందుకే మూడో టచ్‌లో తాకగానే కొనకండి. క్యాండిల్ గీత పైన ముగియాలి, మర్నాడు ఆ క్యాండిల్ హై దాటాలి, అప్పుడే ఎంట్రీ. స్టాప్‌లాస్ ఆ క్యాండిల్ కనిష్ఠ ధరకు కింద. దయచేసి ఈ ఒక్క రోజు ఆగండి. నా దగ్గరకు వచ్చే చార్టుల్లో సగానికి పైగా ఇక్కడే దెబ్బతింటున్నాయి.

సమస్య: మిడ్‌లైన్ దగ్గర కొన్నాను. ధర అక్కడ ఆగలేదు, కింది గీత దగ్గరా ఆగలేదు.

నన్ను బాగా ముంచింది ఇదే. మామూలు స్కేల్ మీద గీసిన ఛానల్, లాగ్ స్కేల్ మీద గీసిన ఛానల్ ఒకటి కావు. మామూలు స్కేల్‌లో గీత రోజుకు ఇన్ని రూపాయలని పెరుగుతుంది, లాగ్‌లో రోజుకు ఇంత శాతమని పెరుగుతుంది. షేరు పదిశాతం కదిలినప్పుడు ఈ తేడా కనిపించదు. సగానికి సగం పెరిగాక మాత్రం ఎంట్రీనే మార్చేస్తుంది.

గుండ్రని అంకెలతో చూద్దాం. షేరు అడుగు 200 రూపాయలు. 100 ట్రేడింగ్ రోజుల తర్వాత రెండో అడుగు 300. మధ్యలో 50వ రోజున శిఖరం 300. ఈ మూడు పాయింట్లతో మామూలు స్కేల్ మీద ఛానల్ గీస్తే 160వ రోజున కింది గీత 360, మిడ్‌లైన్ 385, పై గీత 410. అవే పాయింట్లతో లాగ్ స్కేల్ మీద గీస్తే కింది గీత సుమారు 383, మిడ్‌లైన్ 423, పై గీత 469.

383, 385 పక్కపక్కన పెట్టి చూడండి. మామూలు చార్టులో మిడ్‌లైన్‌గా కనిపిస్తున్నది లాగ్ చార్టులో కింది గీత. నేను ఇలాంటి చోటే 385 దగ్గర మిడ్‌లైన్ అనుకుని కొన్నాను. ధర 376 దగ్గర ముగిసింది. కింది గీత ఇంకా ఉందిగా అని కంగారు పడలేదు. రెండు రోజుల తర్వాత 362 దగ్గర కింది గీతను తాకిందని ఇంకొన్ని కొన్నాను, 350 దగ్గర అన్నీ అమ్మాను. అసలు ఛానల్ 376 దగ్గరే తెగిపోయింది. నేను కొన్నది పుల్‌బ్యాక్ కాదు, తెగిన ట్రెండ్.

ముందే తెలుసుకునే గుర్తు ఒకటి ఉంది. ఆ చార్టులో 130వ రోజున ధర 413 దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. మామూలు స్కేల్‌లో ఆ రోజు పై గీత 380. అంటే 33 రూపాయలు దాటి పోయింది కాబట్టి బ్రేకౌట్ విఫలమైందని అనుకున్నాను. లాగ్‌లో ఆ రోజు పై గీత 415, ధర దాన్ని దాదాపు తాకి చక్కగా తిరిగింది. గీయడానికి వాడని నాలుగో పాయింట్ ఏ స్కేల్‌లో గీత మీద పడుతుందో ఆ షేరు ఆ స్కేల్‌లో నడుస్తున్నట్టు. రెంటిలోనూ పడకపోతే అక్కడ ఛానల్ లేదు, వదిలేయండి.

పరిష్కారం: మొదటి అడుగు నుంచి ఇప్పటి ధర 40 శాతానికి పైగా పెరిగి ఉంటే లాగ్‌లోనే మొదలుపెట్టండి. ఈ 40 నా అనుభవంలోంచి పెట్టుకున్న గీటు. ట్రేడింగ్‌వ్యూలో ధరల స్కేల్ మీద రైట్ క్లిక్ చేస్తే `Logarithmic` కనిపిస్తుంది. `Alt + L` నొక్కినా స్కేల్ మారుతుంది, పొరపాటున మారిపోవడం కూడా అలాగే జరుగుతుంది. స్కేల్ మార్చాక పాత ఛానల్‌ను నమ్మకండి. గీతను కట్టిన పాయింట్లు అక్కడే ఉంటాయి, వాటి తర్వాత గీత వెళ్లే ధర మారిపోతుంది. చెరిపేసి కొత్తగా గీయండి.

సమస్య: మిడ్‌లైన్ ఎంట్రీలు సగం గెలుస్తున్నా డబ్బు మిగలడం లేదు.

మిడ్‌లైన్ దగ్గర కొని, స్టాప్‌లాస్ కింది గీత అవతల, టార్గెట్ పై గీత దగ్గర పెడితే మామూలు స్కేల్‌లో రిస్క్ లాభం కంటే ఎప్పుడూ కాస్త ఎక్కువే. రెండు గీతలూ మిడ్‌లైన్‌కు సమాన దూరంలో ఉంటాయి, స్టాప్‌లాస్ ఇంకా అవతల ఉంటుంది. లాగ్‌లో రూపాయల్లో పై గీత కాస్త దూరమే అయినా, స్టాప్‌లాస్ అవతల ఉండటంతో ఆ తేడా చాలావరకు పోతుంది. మిడ్‌లైన్ ఎంట్రీకి స్టాప్‌లాస్ తిరిగిన క్యాండిల్ కనిష్ఠ ధరకు కిందే ఉండాలి. అది తగిలితే బయటికొచ్చి, కింది గీత దగ్గర వేరే ట్రేడ్‌గా చూడండి.

బోనస్ లేదా స్ప్లిట్ సర్దుబాటు కాని చార్టు అరుదు. చార్టులో ఒక్క రోజులో ధర సగమై కనిపిస్తే అప్పుడు వెతకండి.