నైట్ షిఫ్ట్, 8 నెలల గ్యాప్: ప్రొఫైల్‌లో నేను మార్చిన రెండు వాక్యాలు

పెళ్లి ప్రొఫైల్‌లో మొదట ఇలా రాశాను: ‘నైట్ షిఫ్టులున్నా ఇంటికి టైమ్ ఇస్తాను, దయచేసి అపార్థం చేసుకోవద్దు.’ ఎవరూ అడగకముందే సంజాయిషీ! ఫోన్ చేసినవాళ్లంతా దాని గురించే గుచ్చి గుచ్చి అడిగేవారు. అసలు వాళ్లకు తెలియాల్సింది నేనెప్పుడు ఇంట్లో ఉంటానన్నదే కదా అని, ‘ఉన్నా’, ‘దయచేసి’ లాంటివన్నీ తీసేసి ఇలా మార్చాను: ‘ల్యాబ్ టెక్నీషియన్‌ని. నెలలో రెండు వారాలు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా డ్యూటీ, అప్పుడు మధ్యాహ్నం 2 వరకు నిద్ర, సాయంత్రాలు ఖాళీ. 2022లో అమ్మ ఆపరేషన్ కోసం 8 నెలలు ఉద్యోగం మానేశాను, 2023 నుంచి మళ్లీ చేస్తున్నాను.’ అంతే, ఆపరేషన్ వివరాలు అక్కడ అనవసరం. షిఫ్టు చూసి వెనక్కి తగ్గేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, తగ్గనీ. ఫోన్ చేసేవాళ్లు మాత్రం ‘డ్యూటీ వారాల్లో ఎన్నింటికి మాట్లాడొచ్చు?’ అంటున్నారు.