ఇల్లు అమ్మితే పన్ను లెక్క ఎక్కడ తప్పుతుంది: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

మా పిన్ని 2025 ఆగస్టు 20న ఇల్లు అమ్మింది. దస్తావేజులో ధర 92 లక్షలు. మధ్యవర్తి కమీషనుకు, పత్రాల పనికి లక్ష ఖర్చయింది. జూన్‌లో తానే రిటర్ను నింపడానికి కూర్చుంటే, కట్టాల్సిన పన్ను 23 లక్షలు దాటి కనిపించిందట. కంగారుగా కాగితాల సంచీతో మా ఇంటికి వచ్చింది. అన్నీ సరిచూశాక ఆమె కట్టాల్సిన పన్ను సున్నా అని తేలింది. ఆ కాగితాల్లో ఒకదాని తర్వాత ఒకటిగా ఏ తప్పులు బయటపడ్డాయో, అదే వరుసలో రాస్తున్నాను. సెక్షన్ల నంబర్లు 1961 ఆదాయపు పన్ను చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం అమల్లో ఉంది కాబట్టి, ఆ తర్వాత అమ్మినవారికి నంబర్లు వేరుగా ఉంటాయి.

సమస్య: ఎన్నో ఏళ్ల నాటి ఇల్లు, అయినా స్వల్పకాలిక లాభం అని చూపిస్తోంది

ఇల్లు, స్థలం వంటి స్థిరాస్తి 24 నెలలకు మించి చేతిలో ఉంటే దీర్ఘకాలికం. అంతకు తక్కువైతే స్వల్పకాలికం. అప్పుడు లాభమంతా మామూలు ఆదాయంతో కలిసి శ్లాబుల ప్రకారం పన్నుకు గురవుతుంది.

పిన్ని కొనుగోలు తేదీ దగ్గర 2024 జనవరి అని వేసింది. బాబాయి పోయాక, వీలునామా ప్రకారం ఇల్లు తన పేరుకు మారిన నెల అది. కొన్న ధర దగ్గర సున్నా వేసింది. ఎందుకలా వేశావని అడిగితే, "నేను డబ్బు పెట్టి కొనలేదు కదా, మీ బాబాయి కొన్నారు. అబద్ధం ఎందుకు రాయాలి?" అంది. నిజాయతీగా రాసిన ఆ రెండు గడుల వల్లే 91 లక్షలూ స్వల్పకాలిక లాభమై కూర్చున్నాయి. కొత్త పన్ను విధానం శ్లాబుల ప్రకారం దాని మీద ఒక్క పన్నే 23 లక్షల 10 వేలు. సర్‌చార్జి, సెస్సు దానికి అదనం.

వారసత్వంగా గాని, వీలునామా ద్వారా గాని, బహుమతిగా గాని వచ్చిన ఆస్తికి చట్టం పాత యజమాని తేదీనే, పాత యజమాని పెట్టిన ఖర్చునే లెక్కలోకి తీసుకుంటుంది. ఖర్చు గురించి 49(1) సెక్షన్, తేదీ గురించి 2(42ఏ) సెక్షన్ చెప్పేది అదే. బాబాయి ఆ ఇల్లు కొన్నది 2006 జులైలో, రిజిస్ట్రేషన్ ఖర్చులతో కలిపి 10 లక్షలకు. తేదీ, ధర మార్చగానే లాభం దీర్ఘకాలికమైంది.

పై అంతస్తు కట్టిన ఖర్చును పిన్ని అసలు రాయనే లేదు. 2012 చివర్లో బాబాయి 12 లక్షలు పెట్టి దాన్ని వేయించారు. సంచీ అడుగున ఆయన నోటు పుస్తకం దొరికింది. సిమెంటు బస్తాలు, ఇనుము, మేస్త్రీ కూలి రోజువారీగా రాసి ఉన్నాయి. దానికి తోడు మునిసిపాలిటీ ఇచ్చిన ప్లాను అనుమతి, బ్యాంకు ఖాతా వివరాలు ఉన్నాయి. నోటు పుస్తకం ఒక్కటే ఉంటే అధికారి ఒప్పుకోవడం కష్టం. మూడూ ఒకే కాలానికి సరిపోతున్నాయి కాబట్టి ధైర్యంగా చూపించవచ్చు. గది గాని, అంతస్తు గాని కొత్తగా కట్టిన ఖర్చు ఇందులోకి వస్తుంది. సున్నాలు వేయించడం, కుళాయిలు మార్చడం వంటి మరమ్మతులు రావు.

సమస్య: నేను అమ్మిన ధర కంటే ఏఐఎస్‌లో ఎక్కువ కనిపిస్తోంది

పిన్నిని ఎక్కువగా భయపెట్టింది ఇదే. దస్తావేజులో 92 లక్షలు ఉంటే, పన్ను శాఖ పోర్టల్‌లో ఏఐఎస్ అనే సమాచార పత్రంలో 96 లక్షలు కనిపించాయి. కొన్నవారు మినహాయించిన ఒక శాతం టీడీఎస్ కూడా 92 వేలు కాకుండా 96 వేలుగా ఉంది.

రిజిస్ట్రేషన్ శాఖ ఆ ఇంటికి కట్టిన మార్కెట్ విలువ 96 లక్షలు. ధరలో, మార్కెట్ విలువలో ఏది ఎక్కువైతే దాని మీదే టీడీఎస్ మినహాయించాలి కాబట్టి కొన్నవారు చేసింది సరైనదే. ఇక అమ్మకం ధరగా దేన్ని తీసుకోవాలన్నది 50సీ సెక్షన్ చెబుతుంది. మార్కెట్ విలువ అసలు ధరలో 110 శాతం దాటకపోతే అసలు ధరనే తీసుకోవచ్చు. 92 లక్షలకు 110 శాతం అంటే ఒక కోటి ఒక లక్షా 20 వేలు. 96 లక్షలు దానిలోపే ఉంది. కాబట్టి రిటర్నులో వచ్చిన ధర 92 లక్షలు, మార్కెట్ విలువ 96 లక్షలు అని రెండూ ఉన్నవి ఉన్నట్లు రాసి, లెక్కకు 92 లక్షలు తీసుకుంటే సరిపోతుంది. మార్కెట్ విలువ గడిలో కూడా 92 అని వేస్తే మాత్రం పోర్టల్ సమాచారంతో పొసగక నోటీసు రావచ్చు.

సమస్య: 12.5 శాతమా, 20 శాతమా?

2024 జులై 23 నుంచి దీర్ఘకాలిక లాభంపై పన్ను 12.5 శాతమైంది. ద్రవ్యోల్బణాన్ని బట్టి కొన్న ధరను పెంచుకునే ఇండెక్సేషన్ పోయింది. అయితే ఆ తేదీకి ముందు సంపాదించిన ఇల్లు, స్థలం విషయంలో భారత్‌లో నివాసిగా ఉన్న వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు ఒక వెసులుబాటు మిగిలింది. పాత పద్ధతిలో 20 శాతం పన్ను తక్కువైతే, కొత్త పద్ధతిలో అంతకు మించి వచ్చిన మొత్తాన్ని వదిలేస్తారు. అందుకని రెండూ కట్టి చూడాలి.

కొత్త పద్ధతిలో 91 లక్షల్లోంచి 22 లక్షలు తీసేస్తే లాభం 69 లక్షలు, పన్ను 8,62,500 రూపాయలు. పాత పద్ధతికి ధరల సూచీలు కావాలి. 2006-07కు 122, 2012-13కు 200, అమ్మిన 2025-26కు 376.

```
10,00,000 × 376 / 122 = 30,81,967
12,00,000 × 376 / 200 = 22,56,000
91,00,000 − 53,37,967 = 37,62,033
37,62,033 × 20%       =  7,52,407
```

సర్‌చార్జి, సెస్సు కలపకముందే పాత పద్ధతి లక్షా పదివేలు తక్కువగా తేలింది. ఇక్కడ 2006-07 సూచీ వాడటం గురించి ఒక మాట చెప్పాలి. చట్టం అక్షరాలు చూస్తే, పన్ను కట్టే మనిషి చేతికి ఆస్తి వచ్చిన ఏడాది సూచీ అన్నట్లు ఉంటుంది. మంజులా షా కేసులో 2011లో బొంబాయి హైకోర్టు పాత యజమాని కొన్న ఏడాది నుంచే లెక్కించాలని తీర్పు చెప్పింది. అధికారి అడిగితే చూపించాల్సింది ఆ తీర్పే.

2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఇల్లయితే ఆనాటి మార్కెట్ ధరను కొన్న ధరగా తీసుకోవచ్చు. కాని అది ఆనాటి రిజిస్ట్రేషన్ విలువను మించకూడదు. ఇష్టమొచ్చిన అంకె వేసినవారు ఇక్కడే దొరికిపోతారు.

సమస్య: వేరే ఇల్లు కొంటున్నాం, అయినా మినహాయింపు పోయేలా ఉంది

నన్ను నిజంగా కలవరపెట్టింది ఇది. ముందు చెప్పినవన్నీ అంకెల తప్పులు, దిద్దుకుంటే పోతాయి. గడువు దాటితే దిద్దుకోవడానికి ఏమీ ఉండదు.

నివాస గృహం అమ్మి వచ్చిన దీర్ఘకాలిక లాభాన్ని మరో ఇంట్లో పెడితే 54 సెక్షన్ కింద ఆ మేరకు పన్ను ఉండదు. అమ్మిన తేదీకి ముందు ఏడాదిలోగా కొని ఉండవచ్చు, తర్వాత రెండేళ్లలోగా కొనవచ్చు, లేదా మూడేళ్లలోగా కట్టుకోవచ్చు. పిన్ని 75 లక్షలకు సిద్ధంగా ఉన్న ఫ్లాటు ఒకటి మాట్లాడుకుని 10 లక్షలు అడ్వాన్సు ఇచ్చింది. రిజిస్ట్రేషన్ 2027 ఫిబ్రవరికి పెట్టుకున్నారు. 2027 ఆగస్టు దాకా గడువుంది కదా అని మిగతా డబ్బును తన బ్యాంకులోనే మామూలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేసింది.

చాలామంది ఆగిపోయేది ఈ రెండేళ్ల దగ్గరే. దానికంటే ముందు ఇంకో గడువు ఉంది. రిటర్ను దాఖలు చేయాల్సిన చివరి తేదీ నాటికి ఇంటి మీద ఖర్చుపెట్టని లాభం క్యాపిటల్ గెయిన్స్ ఖాతా పథకంలో జమ అయి ఉండాలి. ఆమెకు ఆ తేదీ 2026 జులై 31. కొత్త పద్ధతిలో తేలిన లాభం 69 లక్షల్లో 10 లక్షలు అడ్వాన్సు కింద పోయాయి. మిగతా 59 లక్షలు మామూలు డిపాజిట్‌లో ఎంత భద్రంగా ఉన్నా చట్టం దృష్టిలో లెక్కకు రావు.

వారం తిరక్కుండా ఆ డిపాజిట్ రద్దు చేయించి, ఈ పథకం నడిపే బ్యాంకు శాఖలో ఖాతా తెరిపించాం. గ్రామీణ శాఖల్లో ఇది ఉండదు, పట్టణ శాఖకు వెళ్లాలి. అందులో రెండు రకాలున్నాయి: 'ఏ' రకం పొదుపు ఖాతా లాంటిది, 'బీ' రకం కాలపరిమితి డిపాజిట్. ఫ్లాటు డబ్బు ఫిబ్రవరిలో కావాలి కాబట్టి 'ఏ' రకం తీసుకున్నాం. ఇందులోంచి డబ్బు తీయడానికి ఫారం సీ నింపాలి, తీసిన డబ్బును 60 రోజుల్లో ఇంటికే వాడాలి. ఖాతా నంబరు, జమ చేసిన తేదీ రిటర్నులో రాయాలి. 59 లక్షలూ మూడేళ్లలోగా ఇంటికి చేరకపోతే, మిగిలిన సొమ్ము మూడేళ్లు నిండిన ఏడాది ఆదాయమై పన్నుకు వస్తుంది.

జులై 31 దాటిపోయినా, ఆలస్యపు రిటర్ను గడువులోగా నిజంగా ఇంటికి డబ్బు కట్టేసినవారికి కొన్ని హైకోర్టులు ఊరట ఇచ్చాయి. కాని అది కోర్టు మెట్లెక్కి తెచ్చుకునే ఊరట. దాన్ని నమ్ముకుని తేదీ వదులుకోవద్దు.

కొత్త ఫ్లాటు తన పేరునే రిజిస్టర్ చేయించుకోమని పిన్నికి గట్టిగా చెప్పాను. కొడుకు పేరున కొందామన్న ఆలోచన ఇంట్లో ఉంది. అలా చేస్తే మినహాయింపు మీద వివాదం తప్పదు. కొన్న మూడేళ్లలోగా ఆ ఫ్లాటు అమ్మినా, ఇప్పుడు తప్పించుకున్న లాభాన్ని దాని కొన్న ధరలోంచి తగ్గిస్తారు.

ఇల్లు కొనే ఉద్దేశం లేనివారు 54ఈసీ బాండ్లలో 50 లక్షల వరకు పెట్టవచ్చు. అమ్మిన ఆరు నెలల్లోగా పెట్టాలి, అయిదేళ్లు కదపకూడదు. పిన్ని నా దగ్గరికి వచ్చేసరికి ఆ ఆరు నెలలు ఫిబ్రవరిలోనే నిండిపోయాయి.

సమస్య: షేర్లు అమ్మి ఇల్లు కొన్నాను, మినహాయింపు సగం కూడా రాలేదు

ఇదే లెక్కను షేర్లకు వేసుకున్నవారు పొరబడేది ఒక్కచోట. లిస్టెడ్ షేర్లు 12 నెలలు దాటితే దీర్ఘకాలికం. ఏడాదికి లక్షా 25 వేలు దాటిన లాభంపై 12.5 శాతం పన్ను. ఆ డబ్బుతో ఇల్లు కొంటే వర్తించేది 54 కాదు, 54ఎఫ్. ఇందులో లాభం మాత్రమే పెడితే చాలదు, అమ్మగా వచ్చిన సొమ్మంతా పెట్టాలి. షేర్లు 30 లక్షలకు అమ్మితే 12 లక్షలు లాభం వచ్చిందనుకుందాం. ఇంటికి 12 లక్షలే పెడితే మినహాయింపు అదే నిష్పత్తిలో, అంటే 4 లక్షల 80 వేలకే వస్తుంది. మిగిలిన 7 లక్షల 20 వేలలో లక్షా 25 వేలు పోగా 5 లక్షల 95 వేలపై 74,375 రూపాయల పన్ను పడుతుంది. 30 లక్షలూ ఇంటికి వెళితేనే ఆ పన్ను పూర్తిగా పోతుంది. అది కూడా షేర్లు అమ్మిన నాటికి, కొత్త ఇల్లు కాక, ఒకటికి మించి ఇళ్లు లేనివారికే.