స్పిన్ పాఠాలు – 4: ఏ దిశ ఇచ్చినా స్పిన్ సగటు కట్టడం

పోయిన పాఠంలో పౌలీ మాత్రికల లబ్ధాలు వేశాం. దేన్ని వర్గం చేసినా I వస్తుంది. వేర్వేరు మాత్రికలైతే σxσy = iσz, వరుస తిప్పితే గుర్తు మారుతుంది. ఇవాళ్టి పనికి అంతే చాలు.

చిక్కడపల్లి గ్రంథాలయంలో నెట్ పరీక్షకు చదువుకుంటున్న ఒకమ్మాయి ఇలా అడిగింది: "సార్, z దిశలో అయితే వేసేస్తున్నా. వంకర దిశ ఏదైనా ఇస్తే ప్రతిసారీ డిటర్మినెంట్ పెట్టి ఐగెన్‌వెక్టర్లు వెతకాల్సిందేనా?"

అక్కర్లేదమ్మా. n అనే యూనిట్ వెక్టర్ దిశలో స్పిన్ ఆపరేటర్ (ħ/2) σ·n. ఇక్కడ σ·n అంటే nxσx + nyσy + nzσz. దీన్ని వర్గం చేసి చూడండి. σxσy, σyσx లాంటి జంటలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మిగిలేది (nx² + ny² + nz²) I, అంటే I. వర్గం I కాబట్టి ఐగెన్‌విలువలు +1 లేదా −1 మాత్రమే కావాలి. ట్రేస్ సున్నా కాబట్టి రెండూ ఒక్కోసారి ఉంటాయి. డిటర్మినెంట్ అవసరమే రాలేదు.

ఐగెన్‌వెక్టర్ కూడా ఇందులోంచే దొరుకుతుంది. I + σ·n ఏ వెక్టర్ మీద పనిచేసినా, ఫలితం సున్నా కానంతవరకు, అది +1 ఐగెన్‌వెక్టరే. ఎందుకంటే σ·n తో గుణిస్తే మళ్లీ అదే వస్తుంది. కాబట్టి ఆ మాత్రిక మొదటి నిలువు వరుస తీసుకుంటే సరి:

```
( 1 + nz ,  nx + i ny )
```

దీన్ని నార్మలైజ్ చేయాలి. n సరిగ్గా −z వైపు ఉంటే మాత్రం రెండూ సున్నా అవుతాయి. అప్పుడు రెండో నిలువు వరుస తీసుకుంటే (0, 1) వైపే వస్తుంది.

ఇప్పుడు ఒక లెక్క పూర్తిగా వేద్దాం. స్థితి ψ = (1, 1+i)/√3, దిశ n = (1, 2, 2)/3. ముందుగా మూడు అక్షాల మీద సగటులు కట్టండి. స్థితి (a, b) అయితే a*b విలువ కట్టి, దాని వాస్తవ భాగాన్ని రెట్టింపు చేస్తే ⟨σx⟩, కల్పిత భాగాన్ని రెట్టింపు చేస్తే ⟨σy⟩. ⟨σz⟩ అంటే |a|² − |b|². ఇక్కడ a*b = (1+i)/3. కాబట్టి విలువలు వరుసగా 2/3, 2/3, −1/3. వీటి వర్గాల మొత్తం 1 వచ్చింది చూశారా? ఇది యాదృచ్ఛికం కాదు. స్పిన్-సగం శుద్ధ స్థితి ఏదైనా సరే, ఏదో ఒక దిశలో పూర్తిగా 'పైకి' ఉంటుంది. మన ψ కి ఆ దిశ m = (2, 2, −1)/3. మొత్తం 1 రాలేదంటే నార్మలైజేషన్‌లోనో, సంయుగ్మంలోనో పొరపాటు ఉన్నట్టే. మిశ్రమ స్థితికి మాత్రం 1 కన్నా తక్కువే వస్తుంది.

ఇక కావాల్సిన సగటు m·n: (2 + 4 − 2)/9 = 4/9. స్పిన్‌కైతే దీన్ని ħ/2 తో గుణించాలి, 2ħ/9.

నమ్మకం కోసం నేరుగా కూడా వేద్దాం. σ·n ను (1, 1+i) మీద వేస్తే (5−i, −1)/3 వస్తుంది. ఎడమవైపు నుంచి (1, 1−i) తో గుణిస్తే 5 − i − 1 + i, అంటే 4. హారాలతో 4/9. కల్పిత భాగం పూర్తిగా పోయిందని గమనించండి. 1−i బదులు 1+i రాసి ఉంటే 4−2i వచ్చేది. సగటులో i మిగిలిందంటే సంయుగ్మం మరిచారన్నమాట. పరీక్షలో చాలామందిని దెబ్బతీసే ఇంకొకటి, n ను 3 తో భాగించకపోవడం. అప్పుడు 4/3 వస్తుంది. +1, −1 లు మాత్రమే వచ్చే చోట సగటు 1 దాటదు కదా.

ఈ 4/9 ఏ ఒక్క కొలతలోనూ కనిపించదు. 1922లో స్టెర్న్, గెర్లాక్ వెండి పరమాణువుల పుంజాన్ని అయస్కాంత క్షేత్రం గుండా పంపితే రెండుగానే చీలింది. మన లెక్కలోనూ ప్రతి కొలతకూ +ħ/2 లేదా −ħ/2 మాత్రమే. + వచ్చే సంభావ్యత (1 + 4/9)/2 = 13/18. ఐగెన్‌వెక్టర్‌తో సరిచూద్దాం: పై సూత్రం ప్రకారం అది (5, 1+2i)/√30. ψ తో దాని అంతర్‌లబ్ధం (8−i)/√90, వర్గం 65/90. అదే 13/18.

ఇంత సులువు స్పిన్-సగానికే. స్పిన్-1 మాత్రికల్లో వర్గం I కాదు, సగటులు మూడూ తెలిసినా సంభావ్యతలు తేలవు.

వచ్చే పాఠానికి: ఇదే ψ కి n = (2, −1, 2)/3 దిశలో సగటు, + సంభావ్యత కట్టండి. పైన వచ్చిన m ను ఐగెన్‌వెక్టర్ సూత్రంలో పెట్టి, మళ్లీ ψ వస్తుందో లేదో చూడండి.