అమెరికా పీహెచ్‌డీ ఆఫర్ లెటర్: సంతకానికి ముందు వేసుకోవలసిన లెక్క

ఆంధ్రా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివి అమెరికాలో పీహెచ్‌డీకి దరఖాస్తు చేసిన వారికి సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆఫర్ లెటర్లు వస్తాయి. అందులో ‘పూర్తి ఫండింగ్’ అని ఉన్నా, నెలకు చేతికి ఎంత మిగులుతుందో ఆ మాట చెప్పదు. దాన్ని మనమే తేల్చుకోవాలి.

గాజువాక విద్యార్థిని ఒకరికి టీచింగ్ అసిస్టెంట్‌గా 27,000 డాలర్ల స్టైపెండ్, ట్యూషన్ ఫీజు మాఫీ ఇస్తామని లెటర్ వచ్చిందనుకుందాం. ముందుగా చూడవలసింది ఆ మొత్తం ఎన్ని నెలలకు అన్నది. చాలా లెటర్లలో అది తొమ్మిది నెలలకే. నెలకు 3,000 డాలర్లు బాగానే కనిపిస్తాయి కానీ, వేసవి మూడు నెలలూ అద్దె కట్టక తప్పదు. వేసవిలో ‘అవకాశం ఉండవచ్చు’ అని మాత్రమే రాసి ఉంటే దాన్ని సున్నాగానే లెక్కించాలి. చదువు సాగే నెలల్లో ఎఫ్-1 వీసాపై క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. అసిస్టెంట్ పనే 20 గంటలైతే మరో ఉద్యోగానికి చోటుండదు.

ట్యూషన్ మాఫీ అయినా విశ్వవిద్యాలయం విడిగా వసూలు చేసే తప్పనిసరి ఫీజులు మిగిలిపోవచ్చు. వాటికి ఏడాదికి 1,800, ఆరోగ్య బీమాలో విద్యార్థి వాటా 600 డాలర్లు అనుకుందాం.

ఇక పన్ను. అసిస్టెంట్ స్టైపెండ్‌ను అక్కడ జీతంగా పరిగణిస్తారు. ఆదాయంలోంచి పన్ను లేకుండా తీసేసే స్థిర మొత్తం, అంటే స్టాండర్డ్ డిడక్షన్, విదేశీ విద్యార్థుల్లో చాలామందికి దక్కదు. కానీ భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల మన విద్యార్థులకు అది వర్తిస్తుంది. మన వాళ్లలో చాలామంది గమనించని వెసులుబాటు ఇది. 2025 సంవత్సరానికి అది 15,750 డాలర్లు. మిగిలిన 11,250పై పది శాతం చొప్పున ఫెడరల్ పన్ను 1,125 అవుతుంది. రాష్ట్ర పన్ను ఉంటే అది అదనం. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఎఫ్-1 విద్యార్థులకు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సాధారణంగా ఉండవు. కోస్తే పేరోల్ విభాగాన్ని అడగాలి. లెటర్‌లో అసిస్టెంట్‌షిప్ బదులు ఫెలోషిప్ అని ఉంటే ముందుగానే 14 శాతం పన్నుగా కోసే వీలుంది. ఆ తేడా రిటర్న్ వేసినప్పుడు తేలుతుంది.

ఇవన్నీ పోగా మిగిలేది 23,475. పన్నెండు నెలలకు పంచితే నెలకు సుమారు 1,956 డాలర్లు. ఆ ఊరి అద్దెతో పోల్చవలసింది ఈ అంకెనే.

షరతుల్లో ‘ఐదేళ్లకు హామీ’ అన్నదానికీ, ‘సంతృప్తికరమైన ప్రగతి, నిధుల లభ్యతను బట్టి ఏటా పునరుద్ధరణ’ అన్నదానికీ చాలా తేడా ఉంది. రెండోది ఉంటే గత విద్యార్థులకు ఎన్నేళ్లు అందిందో, గైడ్ మారితే ఏమవుతుందో విభాగానికి ఈమెయిల్ రాసి అడగండి. జవాబును లెటర్‌తో పాటే దాచుకోండి.

తొందరపెడితే భయపడవద్దు. అమెరికా గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి చేసిన ఏప్రిల్ 15 తీర్మానంపై సంతకం చేసిన విశ్వవిద్యాలయాలు ఆర్థిక సాయంతో కూడిన ఆఫర్లకు ఆ తేదీకి ముందే జవాబివ్వాలని ఒత్తిడి చేయకూడదు. అంగీకరించాక వీసా కోసం విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రంలోని ఖర్చులు, ఫండింగ్ అంకెలు లెటర్‌తో సరిపోవాలి. వేసవి ఖర్చు లోటుగా చూపితే ఆ మేరకు బ్యాంకు పత్రాలు సిద్ధం చేసుకున్నాకే హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు వెళ్లండి.