జూన్ వస్తే ఇరవై ఏళ్ల డబ్బు ఎందుకు కరిగిపోతోంది? మూడు బకెట్ల లెక్క

మా తమ్ముడిది అనంతపురంలో మోటార్ వైండింగ్ షాపు. మరదలు ప్రైవేటు స్కూల్లో టీచరు. పాప ఈ జూన్‌లో ఎనిమిదో తరగతికి వస్తోంది, బాబు ఒకటో తరగతి. ఇద్దరికీ దుబారా అలవాటు లేదు. రిటైర్మెంట్ కోసమని మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 10 వేల సిప్ కూడా కడుతున్నారు. అయినా నాలుగేళ్లలో మూడు జూన్‌లు ఫండ్ యూనిట్లు అమ్మి స్కూలు ఫీజు కట్టారు. మొన్న మరదలు ఫోన్ చేసి, "వదినా, మేమెక్కడ తప్పు చేస్తున్నామో ఒకసారి కూర్చుని చూడు" అంది. రెండు ఆదివారాలు కూర్చున్నాం. వాళ్ల ఒప్పుకోలుతోనే ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను. ఎప్పుడు కావాలన్నదాన్ని బట్టి డబ్బును మూడు బకెట్లుగా విడగొట్టాం: ఏడాది లోపు కావలసింది, ఐదేళ్ల లోపు కావలసింది, ఇరవై ఏళ్లకు కావలసింది.

సమస్య 1: పొదుపు నెలనెలా జరుగుతోంది, కానీ ఏటా ఒకే నెలలో దాన్ని పగలగొట్టాల్సి వస్తోంది

దీంతోపాటు ఇంకో గుర్తు కూడా ఉంటుంది. ఏటా ఒకే కాలంలో బంగారం కుదువకు పోతుంది. వీళ్లింట్లో అది సెప్టెంబర్‌లో మొదలై సంక్రాంతి నాటికి లక్ష దాకా చేరుతుంది, ఎండాకాలంలో విడిపిస్తారు. కుదువ ఒక సమస్య, యూనిట్లు అమ్మడం ఇంకో సమస్య అని వాళ్లు అనుకుంటున్నారు. నిజానికి రెండింటికీ మూలం ఒకటే.

*కారణం.* రాబడి నెలనెలా ఒకేలా రాదు, సిప్ మాత్రం నెలనెలా ఒకేలా పోతుంది. మా వైపు భూగర్భ జలం కిందికి పోయేది ఫిబ్రవరి నుంచి. బోర్లలో నీళ్లు తగ్గి మోటార్లు ఉత్తగా తిరిగి కాలిపోతాయి. గార్లదిన్నె వైపు చీనీ తోటల రైతులు చెట్లు ఎండకముందే కావాలని మోటార్లు తెచ్చి పడేస్తారు. అందుకే ఫిబ్రవరి నుంచి జూన్ దాకా షాపు ఖర్చులు పోను నెలకు 60 వేలు మిగులుతుంది. మిగతా ఏడు నెలలు 28 వేలే. మరదలి జీతం 18 వేలు, అది కూడా మే నెలలో ఇవ్వరు. ఇంటి నెల ఖర్చు 42 వేలు.

ఇప్పుడు కూడండి. ఎండాకాలంలో నాలుగు నెలలు 36 వేల చొప్పున, మేలో 18 వేలు మిగులుతుంది. మొత్తం 1,62,000. మిగతా ఏడు నెలల్లో నెలకు 4 వేల చొప్పున 28 వేలు. ఏడాదికి అంతా కలిపి 1,90,000.

ఇందులోంచి నెల ఖర్చులోకి రాని ఖర్చులు తీసేయాలి. జూన్‌లో ఇద్దరి ఫీజులు, పుస్తకాలు 52 వేలు. సెప్టెంబర్‌లో టర్మ్ పాలసీ, ఆరోగ్య బీమా 30 వేలు. నవంబర్‌లో బండి, షాపు ఇన్సూరెన్స్ 8 వేలు. దసరా నుంచి సంక్రాంతి దాకా పండగలు, పెళ్లిళ్ల చదివింపులు 24 వేలు. ఈ నాలుగూ కలిపి 1,14,000. అంటే ఈ ఇంట్లో ఏడాదికి నిజంగా మిగిలేది 76 వేలు. వీళ్లు కడుతున్న సిప్ ఏడాదికి 1,20,000. తేడా 44 వేలు. బంగారం మీద వడ్డీ ఓ 4 వేలు కలిపితే 48 వేలు. ఫండ్ స్టేట్‌మెంట్ తీసి చూస్తే పోయిన జూన్‌లో అమ్మింది సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంది.

మీ ఇంట్లోనూ ఇదే జబ్బో కాదో ఇలా పోల్చుకోవచ్చు. పోయిన ఏడాది పొదుపులోంచి వెనక్కి తీసిన మొత్తం, కట్టిన సిప్పుకూ నికర మిగులుకూ మధ్య తేడాకు దగ్గరగా ఉంటే కారణం ఇదే. దగ్గరగా లేకపోతే అనుకోని ఖర్చేదో వచ్చి ఉంటుంది. దానికి మందు వేరు, కింద చెప్తాను.

*పరిష్కారం.* ముందు ఒక ఏడాది బకెట్ నింపాలి. పన్నెండు నెలల ఇంటి ఖర్చంతా ఇందులో పెట్టాలని చాలామంది అనుకుని, అంత ఎక్కడ తెస్తామని వదిలేస్తారు. నెల ఖర్చు నెల రాబడిలోంచే పోతుంది కదా. ఈ బకెట్‌లో ఉండాల్సింది నెల రాబడికి అందని పెద్ద ఖర్చులు మాత్రమే. ఏదైనా నెలలో రాబడి ఖర్చుకు సరిపోకపోతే ఆ లోటూ ఇందులోకే వస్తుంది. వీళ్లకు జూన్ ఫీజు కట్టేశాక జనవరి దాకా కావలసింది 62 వేలు. జూన్ 30న ఆ 62 వేలు వేరే సేవింగ్స్ ఖాతాలోకి వెళ్తుంది. ఆ ఖాతాను ఫోన్‌పేకి గానీ గూగుల్‌పేకి గానీ కలపకూడదు. షాపు ఖాతాలోనే ఉంచితే రాగి తీగ కొనే రోజు అది కనబడుతుంది, కనబడితే ఖర్చయిపోతుంది.

అనుకోని ఖర్చు కోసం మూడు నెలల ఇంటి ఖర్చు, అంటే 1,26,000, దీనికి పక్కన విడిగా ఉండాలి. వీళ్ల ఫండ్‌లో 2,40,000 మిగిలి ఉంది. అందులోంచి 1,26,000 తీసి బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించాను, ఒకటిగా కాదు, 42 వేలవి మూడుగా. అవసరానికి ఒకటి విరగ్గొట్టినా మిగతా రెండింటి వడ్డీ చెడదు. ఫండ్‌లో అమ్మినప్పుడు పాత యూనిట్లే ముందు పోతాయి కాబట్టి ఏడాది లోపు వాటిని అమ్మితే పడే ఎగ్జిట్ లోడ్ అనే కోత వీళ్లకు దాదాపు తగల్లేదు.

సిప్ సంగతికొస్తే, నెలకు 10 వేలు ఆపి, పని తక్కువున్న నెలల్లో మిగిలే 4 వేలకే నెలసరి కట్టుబడిని కుదించాం. "నాలుగు వేలేనా?" అని తమ్ముడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఏడాదికి అది 48 వేలు. 76 వేలలో మిగతా 28 వేలు ఎక్కడికీ పోవడం లేదు. ఎండాకాలం మిగులులోంచి, ఫీజు కట్టి 62 వేలు పక్కన పెట్టాక, జూన్ 30న ఒకేసారి వేస్తారు. ఏడాది మొత్తం అదే 76 వేలు. కుదువ పెట్టడం ఉండదు, వడ్డీ ఉండదు.

సమస్య 2: పాప చదువు డబ్బు ఏటా పెరుగుతూ తగ్గుతూ ఉంది, ఫీజు రోజుకు ఎంత ఉంటుందో తెలీదు

*కారణం.* పాప ఇంజనీరింగ్ ఐదేళ్లలో. అయినా ఆ డబ్బునూ రిటైర్మెంట్ డబ్బునూ ఒకే షేర్ల ఫండ్‌లో కలిపేశారు. షేర్లకు ఐదేళ్లు చాలకపోవచ్చు. 2008 జనవరిలో 21 వేలు తాకిన సెన్సెక్స్ అదే ఏడాది అక్టోబర్‌కు 9 వేల లోపుకు పడింది. మళ్లీ ఆ ఎత్తు దాటి నిలబడడానికి 2013 చివరి దాకా పట్టింది. కాలేజీ వాళ్లు అంతదాకా ఆగరు.

*పరిష్కారం.* మొదటి ఏడాది ఫీజు, హాస్టల్ కలిపి వాళ్లు విచారించిన లెక్క ఈ రోజుకు 1,50,000. ఏటా 7 శాతం పెరుగుతుందనుకుంటే ఐదేళ్లకు 2,10,000 అవుతుంది. పోస్టాఫీసు ఐదేళ్ల రికరింగ్ డిపాజిట్, అంటే ఆర్‌డీ, 6.7 శాతం మీద తెరిచి, ఆ 4 వేలలోంచి నెలకు 3 వేలు కడితే చివర్లో 2,14,000 వస్తుంది. రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది గానీ, తెరిచిన రోజు రేటు ఆ ఖాతాకు చివరిదాకా ఉంటుంది. నాకు నచ్చింది ఆ సంగతే. దీనికో పరిమితి ఉంది. మూడేళ్లు దాటకుండా మూసే వీల్లేదు, దాటాక మధ్యలో మూస్తే సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు. అందుకే ముందు అత్యవసరం డబ్బు ఉండాలన్నాను.

లెక్క రాసి ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు మరదలు అడిగింది: "వదినా, ఇంటర్ ఎక్కడ?" నిజమే, నేను మర్చిపోయాను. ఐదేళ్ల బకెట్ అంటే ఐదో ఏడు ఒక్కటే కాదు, ఏడాది దాటాక వచ్చే ఖర్చులన్నీ ఇందులోకే వస్తాయి. మూడేళ్లకు ఇంటర్. స్కూలు ఫీజు మీద అదనంగా 60 వేలన్నా కావాలి. అందుకని ఈ జూన్‌లో మిగిలే 28 వేలు మూడేళ్లకు, వచ్చే జూన్‌లో మిగిలే 28 వేలు రెండేళ్లకు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తారు. వడ్డీతో 60 వేలు దాటుతుంది. రెండో ఏడాది ఇంటర్‌కు ఆ తర్వాతి రెండు జూన్‌ల మిగులు.

మీరు లక్ష్యాలు రాసుకునేటప్పుడు "పాప చదువు" అని రాయకండి. "2,10,000, ఫలానా ఏడు జూన్" అని రాయండి. తేదీ లేని లక్ష్యం ఏ బకెట్‌లోకి పోవాలో ఎవరూ చెప్పలేరు.

సమస్య 3: ఇరవై ఏళ్ల డబ్బును చూసినప్పుడల్లా టెన్షన్

*కారణం.* దగ్గరి ఖర్చు ఆ డబ్బు మీద ఆధారపడి ఉన్నంతకాలం ఆ భయం సబబే. 2020 జనవరిలో 42 వేల దగ్గరున్న సెన్సెక్స్ మార్చి 23న 26 వేల లోపు ముగిసింది. తమ్ముడు ఆ వారంలోనే కొంత అమ్మేశాడు. నవంబర్‌కు సూచీ మళ్లీ జనవరి ఎత్తుకు వచ్చింది. భయపడ్డాడని నేననను. షాపు మూతపడింది, ఇంట్లోకి డబ్బు కావాలి, వేరే బకెట్ లేదు.

*పరిష్కారం.* మొదటి రెండూ నిండాక ఫండ్‌లో మిగిలిన 1,14,000, నెలకు వెయ్యి సిప్ మాత్రమే ఈ బకెట్. ఇంటర్ అవసరం తీరాక జూన్ మిగులు కూడా ఇందులోకే వస్తుంది. రిటైర్మెంట్‌కు ఇది చాలదు, వాళ్లకు అదే చెప్పాను. ఐదేళ్లలో ఆర్‌డీ ముగిశాక ఆ 3 వేలు పాప మిగతా మూడేళ్ల కాలేజీకి పోతాయి. ఆ తర్వాతే ఈ బకెట్‌కు బలం వస్తుంది. తమ్ముడికి అప్పటికి 48 ఏళ్లు. ఇంకా పన్నెండేళ్లు చేతిలో ఉంటాయి.

రిటైర్మెంట్‌కు ఐదేళ్లుందనగా ఇందులోంచి ఏటా ఐదో వంతు తీసి డిపాజిట్లలోకి మార్చాలి, మార్కెట్ ఎలా ఉన్నా సరే. ఆర్‌డీ డబ్బు కూడా అంతే, చేతికొచ్చిన రోజే ఏడాది బకెట్ ఖాతాలోకి.

ఎండాకాలం ఆదాయం తగ్గితే?

వానలు బాగా పడి బోర్లు నిండితే ఊరంతా సంతోషిస్తుంది, వైండింగ్ షాపులో పని తగ్గుతుంది. ఈ షాపుకు కష్టకాలం అదే. అప్పుడు ముందు కోసుకోవాల్సింది జూన్ 30న వేసే 28 వేలు. అదీ చాలకపోతే వెయ్యి రూపాయల సిప్ ఆపాలి. ఆర్‌డీ వాయిదా చివరిది. మూడు డిపాజిట్లను షాపు మందగించినందుకు ముట్టుకోకూడదు, జబ్బు చేస్తేనో, షాపు మూతపడితేనో తప్ప. ఈ వరుసను మరదలు ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపలి వైపు అంటించింది, పక్కనే జూన్ 30 తేదీ ఎర్ర పెన్నుతో.